ఇంకుడు గుంత తవ్వితే బోరులో నీళ్లొస్తాయా?



మొన్న గ్రామసభలో ఇంకుడు గుంతల సంగతి చెబుతుంటే వెనక వరసలో కూర్చున్న రైతు ఒకాయన లేచి, "సార్, ఇంటి ముందు గుంత తవ్వితే చేలో ఎండిపోయిన నా బోరులో మళ్లీ నీళ్లొస్తాయా, రావా? అది చెప్పండి చాలు" అన్నాడు. అందరూ అడగాల్సిన ప్రశ్నే అది. అవునంటే అబద్ధమవుతుంది, కాదంటే సగం నిజమే అవుతుంది. అందుకే లెక్కలతో సహా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంజనీరుగా నేను చెప్పగలిగింది ఇందులో ఉంది. తవ్వాలో వద్దో మీరే తేల్చుకోండి.

మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఒక చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మన ఊళ్లో మామూలు మిద్దె ఇల్లు వెయ్యి చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు ఉంటుంది. మిద్దెను తడిపి ఆవిరైపోయేది, చిన్న జల్లులుగా పోయేది ఐదో వంతు తీసేసినా, ఏడాదికి సుమారు 40 వేల లీటర్లు ఆ ఒక్క మిద్దె మీదినుంచి జారి వీధిలోకి పోతున్నాయి. మనిషికి రోజుకు 55 లీటర్లన్నది ప్రభుత్వం పెట్టుకున్న లెక్క. ఐదుగురున్న ఇంటికి రోజుకు 275 లీటర్లు. అంటే మిద్దె నీళ్లు ఆ ఇంటి వాడకానికి దాదాపు ఐదు నెలలు సరిపోతాయి.

ఇప్పుడు ఆ రైతు ప్రశ్నకు వద్దాం. ఎకరా వరి పండాలంటే సుమారు 50 లక్షల లీటర్లు కావాలి. ఒక మిద్దెకు 40 వేలు. కాబట్టి నూట పాతిక మిద్దెల నీళ్లు కలిస్తే ఒక్క ఎకరా వరి తడుస్తుంది. ఇంటి ముందు గుంత చేలోని బోరును బతికించలేదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. ఎవరైనా బతికిస్తుందని చెప్పి మీచేత తవ్విస్తే నమ్మకండి.

మరి దేనికి పనికొస్తుంది? ఊరి తాగునీటి బోరుకు, ఇళ్లలోని చేతిబోర్లకు పనికొస్తుంది. మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు నిలిచేది దానిపైన మెత్తబడిన రాతి పొరలో, పగుళ్లలో. ఆ పొరలో చోటు చాలా తక్కువ. నూరు బిందెలంత రాతిలోంచి రెండు మూడు బిందెల నీళ్లే బయటికొస్తాయి. బోర్లు ఇంత తొందరగా ఎండిపోవడానికి కారణం ఇదే. కానీ చోటు తక్కువ కావడం వల్లే కొద్ది నీళ్లు దిగినా మట్టం కనిపించేలా లేస్తుంది. రెండు వందల ఇళ్ల మిద్దె నీళ్లు కలిపితే 80 లక్షల లీటర్లు. అవి ఊరు, ఊరి చుట్టూ కలిపి 250 ఎకరాల కింద సమంగా పరుచుకున్నాయనుకుంటే నీటి మట్టం అడుగు దాకా పెరుగుతుంది. రాతిలో నీళ్లు సమంగా పరుచుకోవు, పగులు ఎటుంటే అటు పోతాయి. కాబట్టి ఒక బోరుకు ఎక్కువ, ఇంకో బోరుకు తక్కువ అందుతాయి. అయినా వేసవి చివర గాలి మాత్రమే వస్తున్న చేతిబోరుకు అడుగు నీళ్లు చిన్న సంగతి కాదు. అయితే ఆ నీళ్లతో ఊరి పక్కనే ఇద్దరు చెరో ఎకరా వరి వేస్తే రెండు వందల ఇళ్ల కష్టం ఒక్క పంటకే చాలదు. అందుకే గుంతలు తవ్వే ముందే ఊరి బోరు చుట్టుపక్కల వరి వేయకూడదన్న మాట గ్రామసభలో తేల్చుకోవాలి. గుంత కన్నా ఆ మాటే కష్టమని నాకు తెలుసు.

ఇక గుంత సంగతి. తవ్వే ముందు ఆ చోట నేలను పరీక్షించండి. అడుగు వెడల్పు, గుంత అడుగు ఎంత లోతుకు వస్తుందో అంత లోతుకు ఒక చిన్న గుంట తీసి, ఒకసారి నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకుని గంట తర్వాత చూడండి. రెండు మూడు అంగుళాలు దిగితే మంచి చోటు. నల్లరేగడిలో మాత్రం నీళ్లు అంగుళం కూడా దిగవు. అక్కడ నల్లమట్టి దాటి కింది గరుసు తగిలేదాకా తవ్వాలి. తగలకపోతే అక్కడ గుంత వద్దు, వేరే చోటు చూసుకోండి.

వెయ్యి అడుగుల మిద్దెకు ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గుంత చాలు. అడుగున మూడడుగులు పెద్ద రాళ్లు, దానిపైన అడుగున్నర కంకర, ఆపైన నైలాన్ వల పరిచి అర అడుగు ముతక ఇసుక వేయండి. పైన ఒక అడుగు ఖాళీ ఉంచాలి. రాళ్ల సందుల్లో నీళ్లకు దొరికే చోటు మూడో వంతుకు కొంచెం ఎక్కువే. పై ఖాళీతో కలిపి గుంత ఒకేసారి సుమారు రెండు వేల లీటర్లు పడుతుంది. సెప్టెంబరులో ఒకే పూట 30 మిల్లీమీటర్ల వాన పడితే మిద్దె నుంచి 2,200 లీటర్ల పైచిలుకు దిగుతాయి. వాన కురుస్తున్నంతసేపూ గుంత ఇంకిస్తూనే ఉంటుంది కాబట్టి దాదాపు అంతా పడుతుంది. మిగిలింది కాలువలోకి పోవడానికి పైన ఒక దారి పెట్టండి. లేకపోతే అది గోడ వైపు వెళుతుంది.

పునాదికి పదడుగుల దూరంలో, మరుగుదొడ్డి గుంతకు నలభై అడుగుల దూరంలో తవ్వాలి. వంటింటి నీళ్లకు, స్నానాల నీళ్లకు వేరే గుంత తీయండి. మిద్దె నీళ్లను నేరుగా బోరు గొట్టంలోకి వదలవద్దు. పిట్టల రెట్టలు, దుమ్ము తాగే నీళ్లలోకి పోతాయి. అదే కారణంగా తొలకరి వాన మొదటి పావుగంట నీళ్లను గుంతలోకి రానివ్వకుండా బయటికి వదలాలి. గొట్టం అడుగున ఒక మూత ఉంటే చాలు, తీసి ఉంచి తర్వాత బిగించుకోవచ్చు.

ఇంతకు ముందు ఉపాధి పనుల్లో తీసిన గుంతలు చాలా ఊళ్లలో చూశాను. గుంత ఉంటుంది, రాళ్లుంటాయి, మిద్దె నుంచి దాకా వచ్చే గొట్టం ఉండదు. గొట్టం ఉన్నచోట పై ఇసుక ఒండ్రుతో పేరుకుని పెంకులా గట్టిపడి ఉంటుంది. కాబట్టి రాళ్లు వేసేటప్పుడే ఒక మూలన చిల్లులు పెట్టిన నాలుగంగుళాల పైపును అడుగుదాకా నిలబెట్టండి. వాన వెలిసిన మర్నాడు అందులోకి పొడవాటి కర్ర దించి పైకి తీయండి. కర్ర పొడిగా వస్తే గుంత పని చేస్తోంది. మూడో రోజు కూడా తడిగా వస్తే అడుగు పూడిపోయింది, రాళ్లు తీసి కడగాలి. పైన నీళ్లు నిలిచి పైపులో మాత్రం నీళ్లు లేకపోతే ఇసుక పెంకు కట్టింది, పైనున్న మూడంగుళాలు గోకి కొత్త ఇసుక వేస్తే సరిపోతుంది. ఈ పని ఏటా మే నెలలో, వానలకు ముందే చేయాలి. నీళ్లు రెండు రోజులకు మించి నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయి, ఆ సంగతి కూడా కర్రే చెబుతుంది.

వచ్చే ఆదివారం పొద్దున బడి దగ్గర పరీక్ష గుంట తీసి చూద్దాం. ఇంటికొకరు ఒక గునపం, రెండు బిందెల నీళ్లు తీసుకుని రండి. ఆ రోజు నీళ్లు ఎంత దిగుతాయో మీ కళ్లతో చూశాకే బడి మిద్దెకు మొదటి గుంత తవ్వాలో వద్దో నిర్ణయించండి.

ఇట్లు,
మీ ఇంజనీరు