స్ట్రా కరిగే అర నిమిషం

చుండూరు చుట్టుపక్కల పాడి ఇళ్లలో "గేదెకు సూది వేయించాం" అనే మాట రోజూ వినిపిస్తుంది. ఆ సూదికి వాడే స్ట్రాలో ఉండేది పావు మిల్లీలీటరు ద్రవం, అంటే నాలుగైదు చుక్కలు. వాటిలో గడ్డకట్టించే ముందు సుమారు రెండు కోట్ల వీర్యకణాలు ఉంటాయి. కరిగించాక కనీసం సగం చురుకుగా కదలాలని మన దేశంలోని ప్రమాణం. అంటే వీర్య కేంద్రం నుంచి బయలుదేరేటప్పుడే సగం పోవచ్చని లెక్కలో ఉంది. మిగిలిన కోటిని కాపాడటమో పోగొట్టడమో పశువు పక్కన నిలబడ్డ మనిషి చేతిలో ఉంది.

వీర్యాన్ని గడ్డకట్టించి బతికించడం మనిషికి తెలిసింది ఒక సీసా లేబుల్ పొరపాటువల్ల. లండన్ శివార్లలోని మిల్ హిల్ పరిశోధనశాలలో క్రిస్ పోల్జ్, ఆయన సహచరులు కోడిపుంజు వీర్యాన్ని పంచదార ద్రావణంలో గడ్డకట్టిస్తున్నారు. ఒకసారి అనుకోకుండా ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. ఆ సీసాలో ఉన్నది పంచదార కాదని, గ్లిజరిన్ అని తర్వాత పరీక్షిస్తే తేలింది. 1949లో ఆ సంగతి ప్రచురించారు. గ్లిజరిన్ కణం లోపలి నీళ్లు పదునైన మంచు ముక్కలుగా మారకుండా అడ్డుపడుతుంది. నేటికీ స్ట్రాలో అదే ఉంది.

ద్రవ నత్రజని చలి మైనస్ 196 డిగ్రీలు. ఆ చలిలో స్ట్రా ఏళ్ల తరబడి చెడదు. అసలు ప్రమాదం పైకి వచ్చే దారిలో ఉంది. మైనస్ 130 దాటి వేడెక్కుతున్న కొద్దీ, ముఖ్యంగా మైనస్ 80 నుంచి సున్నా మధ్యలో, చిన్న మంచు కణాలు కలిసి పెద్దవవుతూ వీర్యకణాల పొరలను చీలుస్తాయి. అందుకే క్యానిస్టర్‌ను క్యాన్ మెడలోని మంచు గీతకు పైకి తీయకూడదు. కావలసిన స్ట్రా ఎనిమిది, పది సెకన్లలో దొరకకపోతే మళ్లీ లోపలికి దించి చల్లారనిచ్చి వెతకాలి. స్ట్రాను చేత్తో కాకుండా ఫోర్సెప్స్‌తో పట్టుకుంటారు, ఎందుకంటే వేళ్ల వేడి చాలు. చాలామంది పట్టించుకోని మాట ఒకటుంది: ఒకసారి సగం వేడెక్కిన స్ట్రాను మళ్లీ నత్రజనిలో ముంచినా పోయిన కణాలు తిరిగిరావు. పైకి మాత్రం స్ట్రా కొత్తదానిలాగే కనబడుతుంది. తేడా సూక్ష్మదర్శినికే తెలుస్తుంది, లేదా నెలలు గడిచాక చూలు కట్టని గేదెల లెక్కకే తెలుస్తుంది.

ఆ ప్రమాద మధ్యభాగాన్ని వేగంగా దాటించడానికే వేడినీళ్లు. మన దగ్గర పాటించే పద్ధతి 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు. గిన్నెలో థర్మామీటర్ ఉండాలి, చేత్తో తాకి చూసిన అంచనా సరిపోదు. ధనుర్మాసపు తెల్లవారుజామున బోరు నీళ్లలో వేస్తే కరగడం నెమ్మదిస్తుంది, మంచు మళ్లీ పెరుగుతుంది. చొక్కా జేబులోనో చంకలోనో పెట్టుకుని కరిగించినా అంతే. ఇక మే నెలలో ఎండకు కాగిన ట్యాంకు నీళ్లు 40 దాటి ఉండొచ్చు. మనిషి ఒంటి వేడిని దాటే ఆ వేడిలో కణాలు వేగంగా శక్తిని ఖర్చు చేసుకుని తొందరగా చచ్చిపోతాయి.

నీళ్లలోంచి తీసిన స్ట్రాను ఎందుకు పొడిగా తుడుస్తారో తెలుసా? ఒక్క నీటిబొట్టు లోపలికి పోతే అది తాకిన కణాలు ఉబ్బి పగులుతాయి. తర్వాత స్ట్రాను అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. ఏటవాలుగా కోస్తే షీత్‌లో బిగుతుగా కూర్చోదు, మందు వెనక్కి కారుతుంది. నాలుగు చుక్కల్లో ఒక చుక్క అక్కడే పోతుంది. ఎండలో బండి మీద పెట్టిన ఇనుప గన్ తాకితే చేయి కాలుతుంది, అందులో స్ట్రా పెడితే అంతదాకా చేసిన జాగ్రత్తంతా వృథా. చలికాలంలో గన్ చల్లగా ఉంటే అది మరో దెబ్బ. కరిగించిన పావుగంటలోగా గర్భకోశంలోకి చేరాలి. అందుకే పశువును కట్టి, శుభ్రం చేసి, అంతా సిద్ధమయ్యాకనే స్ట్రా పైకి తీయాలి. ముందే కరిగించి జేబులో వేసుకుని వీధి చివరి గేదె దగ్గరికి నడవడం నష్టానికే.

ఇప్పుడు అసలు ఘట్టం. ఎడమ చేయి పాయువులోంచి లోపలికి వెళ్లి గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకుంటుంది. కుడిచేత్తో గన్‌ను మొదట పైకి వాల్చి పంపుతారు, లేకపోతే కింద ఉన్న మూత్రనాళంలోకి పోతుంది. ముఖద్వారంలోని మూడు నాలుగు గట్టి మడతలు దాటేదాకా ముఖద్వారాన్నే గన్ మీదికి తెచ్చుకోవాలి. గన్‌ను బలంగా తోస్తే గాయమవుతుంది. గేదెలో ఈ దారి ఆవులోకన్నా ఇరుకు. చివరి మడత దాటగానే గన్ కొసను చూపుడువేలు తాకాలి. అక్కడే ఆగాలి. ఎందుకంటే గర్భకోశం నడిమి భాగం పొడవు కేవలం ఒక అంగుళం పైచిలుకు. దాన్ని దాటితే రెండు కొమ్ముల్లో ఒకదానిలోకి వెళ్తుంది. అండం విడుదలయ్యేది రెండో వైపు అయితే కణాల ప్రయాణం కష్టమవుతుంది. 1980లలో అమెరికాలో సూది వేసేవారి గన్ కొస ఎక్కడుందో ఎక్స్‌రే తీసి చూస్తే, నడిమి భాగంలో పడ్డవి సగంకన్నా తక్కువే. అనుభవం ఉన్నవాళ్లకూ ఇది కష్టమైన గురి. పిస్టన్‌ను ఐదు సెకన్లపాటు మెల్లగా నొక్కాలి, నొక్కేటప్పుడు గన్ ముందుకూ వెనక్కూ కదలకూడదు.

ఒక మినహాయింపు ఉంది. చూడి కట్టిన పశువు కూడా అప్పుడప్పుడు ఎద లక్షణాలు చూపిస్తుంది. ఇంతకుముందు సూది వేయించిన గేదె మళ్లీ ఎదకు వచ్చినట్టు కనబడితే, గన్‌ను నడిమి భాగందాకా పంపకుండా ముఖద్వారం మధ్యలోనే వదలాలి. లేకపోతే లోపల పిండం ఉంటే అది పోవచ్చు.

చూలు కట్టే శాతం ఎందుకింత మారుతుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. కరిగించడం, ఎక్కించడం, వదలడం, వేళ అనే నాలుగు పనులూ పదికి తొమ్మిది పాళ్లు సరిగ్గా జరిగాయనుకుందాం. నాలుగూ హెచ్చవేస్తే పదికి ఆరున్నరే మిగులుతుంది. ఒక్కో పని ఎనిమిది పాళ్లకు జారితే దక్కేది సుమారు నాలుగే. ఏ ఒక్క తప్పూ ఘోరంగా కనిపించకుండానే సగం పోతుంది. ఆ నష్టం ఒక స్ట్రా ధర కాదు, మళ్లీ ఎద వచ్చేదాకా 21 రోజుల మేత, పాలు లేని కాలం.

వేళ సంగతి రైతు చేతిలోనే ఉంది. ఉదయం ఎద గుర్తిస్తే సాయంత్రం, సాయంత్రం గుర్తిస్తే మర్నాడు ఉదయం సూది వేయించడం పాత నియమం. గేదెల ఎద నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి మాటిమాటికీ మూత్రం పోయడం, తీగ వేయడం రోజుకు రెండుసార్లు గమనించాలి.

తిరగపొర్లితే అందరం దున్నమీదో గేదెమీదో నెపం వేస్తాం. అలా వేసేముందు స్ట్రా మీద ఉన్న నంబరు, తేదీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఒకే నంబరు స్ట్రాలు వేసిన గేదెలన్నీ పొర్లితే తప్పు స్ట్రాది కావచ్చు, నంబర్లు వేరైనా ఒకే మనిషి వేసినవన్నీ పొర్లితే విధానంలో చూడాలి. ఈసారి గోపాలమిత్ర మీ పాకలోకి వచ్చినప్పుడు వేడినీళ్లు, శుభ్రమైన గుడ్డ, నీడ మీరే సిద్ధంగా ఉంచండి, థర్మామీటర్ ఉందా అని మర్యాదగా అడగండి.