హారంలో e^x ఉంటే

1926లో ఎన్రికో ఫెర్మి, పాల్ డిరాక్ విడివిడిగా ఒకే సూత్రానికి చేరుకున్నారు. లోహంలోని ఒక శక్తి స్థాయిలో ఎలక్ట్రాన్ ఉండే అవకాశం ఎంతో అది చెబుతుంది. అనవసరమైన గుర్తులన్నీ తీసేస్తే అందులో మిగిలేది 1/(1+e^x) అనే చిన్న భిన్నం. మొత్తం ఎలక్ట్రాన్లు ఎన్నో తెలియాలంటే దాన్ని ఇంటిగ్రేట్ చేయాలి. ఇంటర్ విద్యార్థికీ ఇదే లెక్క పుస్తకంలో ఎదురవుతుంది, ఎలక్ట్రాన్ల ఊసు లేకుండా.

∫ dx/(1+e^x)

చూడగానే ఏ సూత్రమూ సరిపోయేలా కనిపించదు. పైన ఒక e^x ఉండి ఉంటే పని క్షణంలో అయిపోయేది, కానీ అది లేదు. అప్పుడు u = e^x అనుకుంటాం. e^xను అవకలనం చేస్తే మళ్లీ e^x వస్తుంది కాబట్టి du = u dx, అంటే dx = du/u. ఈ పద్ధతికి బలమంతా ఇక్కడే ఉంది. dxను మార్చినా xకు సంబంధించిన ముక్క ఏదీ మిగలదు, అంతా uలోకి వచ్చేస్తుంది. e^(2x) ఉంటే u², e^(-x) ఉంటే 1/u అవుతాయి. మన లెక్క ఇలా మారుతుంది:

∫ du/(u(1+u))

ఇక ఘాతాంకాలు లేవు, మామూలు బీజగణిత భిన్నమే. దీన్ని A/u + B/(1+u) అని విడగొడితే, 1 = A(1+u) + Bu కావాలి. u = 0 పెడితే A = 1, u = -1 పెడితే B = -1.

ఇక్కడ తెలివైన విద్యార్థి చేయి ఎత్తాలి. e^x ఎప్పుడూ ధనసంఖ్యే కదా, u సున్నా ఎలా అవుతుంది, -1 ఎలా అవుతుంది? నిజమే, కావు. కానీ ఆ సమీకరణం రెండువైపులా ఉన్నవి బహుపదులు. ధనసంఖ్యలన్నిటికీ అవి సమానమైతే ప్రతి సంఖ్యకూ సమానమే. కాబట్టి A, Bలు కనుక్కోవడానికి ఏ విలువైనా పెట్టవచ్చు. u ధనాత్మకం కావడం వల్ల మరో లాభం కూడా ఉంది: లాగ్ లోపల మాడ్యులస్ గీతలు అక్కర్లేదు. జవాబు ln u - ln(1+u), అంటే:

x - ln(1+e^x) + C

ఎక్కువగా జరిగే పొరపాటు dx బదులు నేరుగా du రాసేయడం. అప్పుడు ln(1+e^x) వస్తుంది. సరిచూద్దామని దాన్ని అవకలనం చేసి x = 0 పెడితే 1/2 వస్తుంది. అసలు భిన్నం విలువా అక్కడ 1/2 కావడంతో తప్పు దొరకదు! x = 10 పెట్టి చూడాలి. అసలు భిన్నం దాదాపు సున్నా, తప్పు జవాబు నుంచి వచ్చింది దాదాపు 1. సరిచూడడానికి సున్నాను ఎంచుకోవడం సులువే కానీ, అన్నిసార్లూ నమ్మదగింది కాదు.

0 నుంచి అనంతం దాకా విలువ కావాలంటే ఇంకో చిక్కు. x అనంతమే, ln(1+e^x) కూడా అనంతమే, వాటి తేడా ఎంత? జవాబును -ln(1+e^(-x)) అని తిరిగి రాస్తే విషయం తేటపడుతుంది. అనంతం దగ్గర అది సున్నా, 0 దగ్గర -ln 2. కాబట్టి మొత్తం ln 2, సుమారు 0.693. కంప్యూటర్‌కూ ఈ రూపమే మంచిది. x = 800 ఇస్తే e^800 మామూలు దశాంశ లెక్కల హద్దు దాటిపోతుంది. e^(-800) మాత్రం సున్నాగా మారినా, పెద్దగా నష్టమేమీ ఉండదు.

మళ్లీ ఎలక్ట్రాన్ల దగ్గరకు వస్తే, అవి పలుచని పొరలో, అంటే రెండు కొలతల్లోనే తిరుగుతున్నప్పుడు శక్తి స్థాయిలు సమానంగా పరచుకొని ఉంటాయి. అప్పుడు వాటి లెక్క అచ్చంగా మనం చేసినదే. ఉష్ణోగ్రత T, ఫెర్మి స్థాయి μ, బోల్ట్జ్‌మన్ స్థిరాంకం k అనుకుంటే ఫలితం kT ln(1+e^(μ/kT)). Tని సున్నా వైపు తగ్గిస్తే ఇది μ అవుతుంది. అంటే μ దాకా ఉన్న స్థాయిలన్నీ నిండిపోయి, పైన ఖాళీ అన్నమాట.

మామూలు లోహపు ముద్దలో మాత్రం మూడు కొలతలుంటాయి. అక్కడ భిన్నం పైన √x వచ్చి చేరుతుంది. u = e^x పెడితే అది √(ln u) అవుతుంది. ఇక uలో బీజగణిత భిన్నం కాదు కాబట్టి పాక్షిక భిన్నాలుగా విడగొట్టే దారి లేదు. పైన ఉత్త x ఉన్నా అంతే. అలాంటి లెక్కలకు సాధారణంగా సంఖ్యలతోనే విలువ కట్టాల్సి వస్తుంది. మెక్‌డూగల్, స్టోనర్ అనే ఇద్దరు 1938లో ఈ రకపు ఇంటిగ్రల్స్ విలువలను పట్టికలుగా ప్రచురించారు.