స్లైడ్‌లో ‘20 పీపీఎం’, చేతిలో 25 మిల్లీలీటర్లు: ట్రైనింగ్ పీపీటీని షాప్‌ఫ్లోర్ ఎస్‌ఓపీగా మార్చడం ఎలా?

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పీలింగ్ హాల్ గుమ్మం పక్కన ఒక టబ్ ఉంటుంది. లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరూ సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ టబ్‌లోని క్లోరిన్ నీళ్లలో ముంచి వెళ్లాలి. ఆ నీళ్లు ఎలా కలపాలో ట్రైనింగ్ క్లాసులో చెబుతారు. స్లైడ్ మీద సాధారణంగా మూడు ముక్కలుంటాయి: ‘చేతులు శుభ్రంగా కడుక్కోవాలి’, ‘హ్యాండ్ డిప్‌లో క్లోరిన్ 20 పీపీఎం ఉండాలి’, ‘ద్రావణాన్ని ఎప్పటికప్పుడు మార్చాలి.’

క్లాసులో ఇది అందరికీ అర్థమవుతుంది. కానీ తెల్లవారుజామున షిఫ్ట్ మొదలయ్యేటప్పుడు ఖాళీ టబ్, హైపోక్లోరైట్ డబ్బా ముందు నిలబడిన కార్మికురాలికి ఈ మూడు ముక్కలూ పనికిరావు. ఎన్ని నీళ్లు? ఎంత మందు? 20 పీపీఎం వచ్చిందని తెలిసేదెలా? ‘ఎప్పటికప్పుడు’ అంటే ఎప్పుడు?

ఇలాంటి ప్రశ్నలకు జవాబులుండే కాగితమే ఎస్‌ఓపీ, అంటే స్టాండర్డ్ ఆపరేటింగ్ ప్రొసీజర్. చాలా చోట్ల స్లైడ్‌లలోని వాక్యాలనే వర్డ్ ఫైల్‌లోకి మార్చి, నంబర్లు వేసి, దానికే ఎస్‌ఓపీ అని పేరు పెడుతుంటారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

పొరపాటు జరిగితే ఏమవుతుంది?

దేశంలో సాగయ్యే వనామీ రొయ్యల్లో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌దే. ఈ సరకులో ఎక్కువ భాగం విదేశాలకే వెళ్తుంది. 1997లో యూరోపియన్ యూనియన్ భారత సముద్ర ఉత్పత్తుల దిగుమతిని నిలిపేసింది. సాల్మొనెల్లా బ్యాక్టీరియా, ప్లాంట్లలో పరిశుభ్రత లోపాలు అందుకు కారణాలు. అమెరికా సీఫుడ్ నిబంధనల్లో ప్లాంట్లు కనిపెట్టుకుని ఉండాల్సిన ఎనిమిది పరిశుభ్రత అంశాలున్నాయి. చేతులు కడుక్కునే, శానిటైజ్ చేసుకునే ఏర్పాట్లు వాటిలో ఒకటి. వాటిని తనిఖీ చేస్తున్నట్టు, లోపం కనిపిస్తే సరిదిద్దుతున్నట్టు రికార్డులు కూడా ఉండాలి.

క్లోరిన్ తగ్గితే చేతుల మీది క్రిములు రొయ్యలోకి చేరతాయి. ఎక్కువైతే రోజుకు ఎన్నోసార్లు చేతులు ముంచే మహిళల చర్మం పగులుతుంది, మండుతుంది. మంటకు భయపడి వాళ్లు చేతులు ముంచినట్టు నటించి వెళ్లిపోతే, టబ్ ఉన్నా లేనట్టే.

స్లైడ్‌కూ ఎస్‌ఓపీకీ తేడా ఏమిటి?

స్లైడ్ పక్కన మాట్లాడే మనిషి ఉంటాడు. స్లైడ్‌లో ఉన్నది సగమే. ‘ఆ నీలం మూతతో ఒకటి పోస్తే చాలు’, ‘నురగ కనిపిస్తే మార్చేయండి’ లాంటి మిగతా సగం ట్రైనర్ నోటి నుంచి వస్తుంది. ఎస్‌ఓపీ పక్కన ఎవరూ ఉండరు. కాబట్టి పీపీటీని ఎస్‌ఓపీగా మార్చడమంటే స్లైడ్‌లో ఉన్నదాన్ని తిరగరాయడం కాదు, స్లైడ్‌లో లేనిదాన్ని వెతికి పట్టుకోవడం.

ముందు స్లైడ్‌లను విడదీయాలి. బ్యాక్టీరియా బొమ్మలు, చట్టం గురించిన వివరాలు ‘ఎందుకు’ అనేదాన్ని చెబుతాయి. అవి ట్రైనింగ్‌లోనే ఉండాలి. ‘20 పీపీఎం’ లాంటివి హద్దులు. ‘కడుక్కోవాలి’, ‘మార్చాలి’ లాంటివి పనులు. ఎస్‌ఓపీకి కావాల్సింది హద్దులు, పనులే. పీపీటీ మొత్తానికి ఒకే ఎస్‌ఓపీ రాయకూడదు. ఒక పనికి ఒక ఎస్‌ఓపీ రాయాలి. ఇక్కడ ఆ పని ‘హ్యాండ్ డిప్ టబ్ సిద్ధం చేయడం’.

తర్వాత ఫ్లోర్ మీదకు వెళ్లి, ఆ పనిని రోజూ చేసేవారు ఎలా చేస్తున్నారో మొదటి నుంచి చివరి దాకా చూడాలి. టబ్ ఎన్ని లీటర్లది, గీత ఉందా, కొలత కప్పు ఉందా, డబ్బా మీద ఎంత శాతం అని రాసుంది అనేవి అక్కడే తెలుస్తాయి.

పీపీఎం నుంచి మిల్లీలీటర్లకు

ఒక ప్లాంటును ఉదాహరణగా తీసుకుందాం. టబ్‌లో 50 లీటర్ల గీత వరకు నీళ్లు పడతారు. వాడేది 5 శాతం సోడియం హైపోక్లోరైట్. క్వాలిటీ విభాగం 20 నుంచి 30 పీపీఎం వరకు హద్దు పెట్టుకుంది.

5 శాతం అంటే ఒక మిల్లీలీటరులో దాదాపు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. ఒక పీపీఎం అంటే లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము. 25 మిల్లీలీటర్లు పోస్తే 1,250 మిల్లీగ్రాములు. దాన్ని 50 లీటర్లతో భాగిస్తే 25 పీపీఎం వస్తుంది. కచ్చితంగా 20కే ఎందుకు కలపకూడదంటే, హైపోక్లోరైట్ నిల్వలో బలం కోల్పోతుంది. ఎండ, వేడి తగిలితే ఇంకా త్వరగా. అందుకే హద్దుల మధ్యలో గురిపెట్టాలి.

ఈ లెక్క ఎస్‌ఓపీ రాసేవాళ్లు చేసి పెట్టాలి. ఫ్లోర్ మీద ఎవరూ లెక్క చేయాల్సిన అవసరం రాకూడదు. అక్కడ కనిపించాల్సింది గీత, కప్పు, రంగు.

ఒక జాగ్రత్త కూడా ఇక్కడే తెలుస్తుంది. స్టోర్‌లో 5 శాతం డబ్బా అయిపోయి 10 శాతం డబ్బా వస్తే, అదే కప్పుతో 50 పీపీఎం వస్తుంది. కాబట్టి డబ్బా మీది శాతం చూడటమే మొదటి మెట్టు కావాలి.

ఎస్‌ఓపీ ఇలా ఉండొచ్చు

పని: హ్యాండ్ డిప్ టబ్ సిద్ధం చేయడం. చేసేవారు: గేటు డ్యూటీలో ఉన్న శానిటేషన్ వర్కర్. ఎప్పుడు: షిఫ్ట్ మొదలవడానికి అరగంట ముందు.

హెచ్చరిక: హైపోక్లోరైట్‌లో యాసిడ్ కలపకండి. విషవాయువు వస్తుంది.

1. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి.
2. డబ్బా మీద ‘5%’ ఉందో లేదో చూడండి. లేకపోతే ఆపి, సూపర్‌వైజర్‌ను పిలవండి.
3. పాత నీళ్లు పూర్తిగా పారబోసి, టబ్‌ను మంచినీళ్లతో కడగండి.
4. టబ్‌లో నల్ల గీత వరకు మంచినీళ్లు పట్టండి.
5. కొలత కప్పుతో 25 మిల్లీలీటర్ల హైపోక్లోరైట్ కొలిచి నీళ్లలో పోయండి.
6. శుభ్రమైన తెడ్డుతో పదిసార్లు కలపండి.
7. టెస్ట్ పట్టీని ప్యాకెట్ మీద చెప్పినంత సేపు ముంచి, రంగును చార్టుతో పోల్చండి.
8. రంగు 25 గడితో సరిపోతే టైం, అంకె రాసి సంతకం చేయండి. లేతగా ఉంటే 5 మిల్లీలీటర్లు ఒక్కసారి కలిపి మళ్లీ చూడండి. అప్పటికీ లేతగా ఉంటే, లేదా మొదటే ముదురుగా ఉంటే, టబ్ వాడనివ్వకుండా సూపర్‌వైజర్‌ను పిలవండి.
9. గంటకోసారి పట్టీతో చూడండి. లేతగా ఉంటే మందు కలపకండి. నీళ్లు పారబోసి 3వ మెట్టు నుంచి మళ్లీ చేయండి. సూపర్‌వైజర్‌కు చెప్పండి.

ఎనిమిదో మెట్టులో మందు కలపమని, తొమ్మిదిలో కలపొద్దని ఎందుకు? కొత్త నీళ్లలో క్లోరిన్ తక్కువైందంటే డబ్బాలోని ద్రావణం బలహీనపడి ఉండొచ్చు. వాడుతున్న నీళ్లలో తగ్గిందంటే చేతుల నుంచి వచ్చిన మురికి, సబ్బు క్లోరిన్‌ను తినేస్తున్నాయని అర్థం. మురికి నీళ్లలో మందు కలుపుతూ పోతే లాభం లేదు. ఇక, గత పరీక్షకూ దీనికీ మధ్య తయారైన సరకును ఏం చేయాలనేది క్వాలిటీ విభాగం నిర్ణయించాలి. ఆ పని వర్కర్ నెత్తిన పెట్టకూడదు.

పట్టీల కొనుగోలునూ ఇదే కాగితం నిర్ణయిస్తుంది. చార్టులో 10 తర్వాత నేరుగా 50 ఉంటే, 25ను గుర్తుపట్టడం ఎవరివల్లా కాదు.

తెలుగులో రాసేటప్పుడు

తెలుగు వాక్యంలో కర్త లేకపోయినా అర్థానికి లోటుండదు. ఎస్‌ఓపీలో అదే చిక్కు. ‘ద్రావణం మార్చాలి’ అంటే ఎవరు మార్చాలి? శానిటేషన్ వర్కర్ సూపర్‌వైజర్ పని అనుకుంటారు, సూపర్‌వైజర్ శానిటేషన్ వర్కర్ పని అనుకుంటారు. అందుకే చేసేవారు ఎవరో పైన రాసి, మెట్లను ‘కడగండి’, ‘పోయండి’ అని నేరుగా చెప్పాలి. ‘చేయబడును’, ‘చేయవలెను’ వద్దు.

వద్దనే మాట కూడా మన వాక్యంలో చిట్టచివర వస్తుంది. ‘పోయండి’కీ ‘పోయకండి’కీ ఒక్క అక్షరమే తేడా. తడి చేతులతో, హడావుడిలో చదివేవారు దాన్ని దాటిపోవచ్చు. అందుకే హెచ్చరికను మెట్ల మధ్యలో దాచకుండా, పని మొదలవకముందే విడిగా, ‘హెచ్చరిక’ అనే మాటతో పెట్టాలి. ‘తగినంత’, ‘బాగా’, ‘ఎప్పటికప్పుడు’ లాంటి మాటలు కనిపించిన ప్రతిచోటా ఒక అంకె గానీ, కంటికి కనిపించే గుర్తు గానీ రావాలి.

ప్లాంట్లలో ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ పనిచేస్తుంటారు. వారికి తెలుగు మాట అర్థమైనా లిపి రాకపోవచ్చు. గీత, కప్పు, పట్టీ ఫొటోలతో ఒడియాలోనూ కాగితం ఉండాలి. ఫొటోలు ఆ ప్లాంటులోని టబ్‌వే కావాలి.

పనికొస్తుందని తెలిసేదెలా?

ఆ పని ఎప్పుడూ చేయని ఒకరికి కాగితం ఇచ్చి చేయమనాలి. గ్లౌజులు వేసుకున్నారో లేదో చూసేందుకు ట్రైనర్ పక్కనే ఉండాలి, కానీ ప్రమాదం ఉంటే తప్ప నోరు విప్పకూడదు. ఆమె ఎక్కడ ఆగినా, ఎక్కడ తలెత్తి చూసినా, ఆ మెట్టు దగ్గర గుర్తు పెట్టుకోవాలి. ట్రైనర్ నోట్లోనే ఉండిపోయి కాగితం మీదకు రానిది అక్కడే ఉంది. దాన్ని రాసి, మరొకరితో మళ్లీ చేయించాలి. పట్టీ చూపించే అంకె హద్దుల్లో పడితే కాగితం నిలబడినట్టు.

ఆ తర్వాత కాగితం మీద నంబరు, వెర్షన్, తేదీ, ఆమోదించినవారి సంతకం వేసి, లామినేట్ చేసి టబ్ పక్కన తగిలిస్తారు. కొత్తది పెట్టిన రోజే పాతది గోడ మీద నుంచి తీసేయాలి. టబ్ పగిలిందని 100 లీటర్లది తెచ్చి, కాగితం మార్చకపోతే, ప్రతి మెట్టూ తప్పకుండా పాటించినా వచ్చేది పన్నెండున్నర పీపీఎం మాత్రమే. ఏడో మెట్టులో పట్టీ లేతగా కనిపించి ఆ సంగతి బయటపెడుతుంది. పట్టీ చూడకుండానే రిజిస్టర్‌లో 25 అని రాసే అలవాటుంటే మాత్రం అదీ బయటపడదు. షిఫ్ట్ షిఫ్ట్‌కూ, నెలంతా ఒకే అంకె, ఒకే చేతిరాత కనిపిస్తే, తనిఖీకి వచ్చినవారు మొదట అడిగేది ఆ రిజిస్టర్ గురించే.