గద్వాల గుండు, నాగర్‌కర్నూల్ గుండు: రెండు దారాల మధ్య కోణం ఎంత?

గోడ నిలువుగా వచ్చిందో లేదో చూడ్డానికి మేస్త్రీ దారానికి గుండు కట్టి వదులుతాడు. గద్వాలలో ఒక మేస్త్రీ, నాగర్‌కర్నూల్‌లో ఇంకో మేస్త్రీ ఒకేసారి గుండు వదిలారనుకోండి. ఆ రెండు దారాలూ సమాంతరమేనా? కావు. భూమి గుండ్రం కాబట్టి రెండూ దాదాపు భూమి కేంద్రం వైపే చూస్తాయి. వాటి మధ్య కోణం ఎంతో డాట్ ప్రొడక్ట్‌తో తేల్చొచ్చు.

ఇంటర్‌లో చదివిందే: a·b = a₁b₁ + a₂b₂ + a₃b₃. ఇదే |a||b|cosθ కూడా. అంటే

cosθ = (a·b) / (|a||b|)

ముందు ఒక్కో దారానికీ దిశ కావాలి. భూమిని గోళం అనుకుని, కేంద్రం నుంచి మూడు అక్షాలు తీసుకుందాం. x భూమధ్యరేఖ మీద 0° రేఖాంశం వైపు, y 90° తూర్పు వైపు, z ఉత్తర ధ్రువం వైపు. అక్షాంశం φ, రేఖాంశం λ అయితే ఆ ఊళ్లో నిటారు దిశ (cosφ cosλ, cosφ sinλ, sinφ).

గద్వాల సుమారుగా 16.23° ఉత్తరం, 77.80° తూర్పు. నాగర్‌కర్నూల్ 16.48°, 78.32°. లెక్కేస్తే:

G = (0.202903, 0.938463, 0.279494)
N = (0.194128, 0.939063, 0.283680)

G·N = 0.039389 + 0.881276 + 0.079287 = 0.999952. రెండింటి పొడవూ 1 కాబట్టి ఇదే cosθ. θ సుమారు 0.56°. భూమి వ్యాసార్ధం 6371 కి.మీ.తో గుణిస్తే (కోణాన్ని రేడియన్లలోకి మార్చి) 62 కి.మీ. వస్తుంది. అది ఈ రెండు ఊళ్ల మధ్య నేరు దూరం. వనపర్తి దాదాపు సగం దారిలో ఉంది. అక్కడి గుండుకి అటూ ఇటూ చెరో 0.28° వస్తుంది.

మొదటిసారి నాకు మాత్రం 1.98° వచ్చింది! అంటే దూరం 220 కి.మీ. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ అంత దూరం కాదని మ్యాప్ చూసిన ఎవరికైనా తెలుస్తుంది. తప్పెక్కడంటే, అంకెల్ని మూడు దశాంశాలకి కుదించేశాను: (0.203, 0.938, 0.279), (0.194, 0.939, 0.284). డాట్ ప్రొడక్ట్ 0.9994 వచ్చింది. పొడవులు ఎలాగూ 1 కదా అని భాగించలేదు. కానీ కుదించాక G పొడవు 1 కాదు, కాస్త తక్కువ. రెండు పొడవుల లబ్ధం 0.999453. దాంతో భాగిస్తే 0.999947, కోణం 0.59°. పూర్తిగా సరికాకపోయినా దగ్గరికొచ్చింది. చిన్న కోణాల దగ్గర cos విలువ 1కి అతుక్కుపోయి ఉంటుంది. అందుకే నాలుగో దశాంశంలో చిన్న తేడా కూడా డిగ్రీల్లో బయటపడుతుంది.

ఇక లంబం సంగతి. గద్వాలలో సరిగ్గా తూర్పుకి గీసిన గీత దిశ E = (−sinλ, cosλ, 0), అంటే (−0.977416, 0.211325, 0). గద్వాల దారంతో చూస్తే G·E = −0.198321 + 0.198321 = 0. cosθ సున్నా, కాబట్టి 90°. ఇక్కడ పొడవులతో పనిలేదు, సున్నాని దేనితో భాగించినా సున్నానే.

అదే గీతని నాగర్‌కర్నూల్ దారంతో చూస్తే? N·E = −0.189744 + 0.198447 = 0.0087. సున్నా కాదు, కోణం 89.5°. గమనించండి, ఈ రెండు గీతలూ ఎంత పొడిగించినా ఎక్కడా కలవవు, సమాంతరమూ కావు. అయినా కోణం ఉంది. అంతరాళంలో రెండు రేఖల మధ్య కోణం అంటే వాటి దిశల మధ్య కోణమే. కలవాలన్న షరతు లేదు. కాబట్టి డాట్ ప్రొడక్ట్ సున్నా వచ్చినంత మాత్రాన రేఖలు ఖండించుకున్నాయని రాసేయకండి. అది వేరే చూసుకోవాలి.

చివరిగా ఒక చిన్న మెలిక. G పైకి, N కిందికి తీసుకుంటే డాట్ ప్రొడక్ట్ −0.999952, కోణం 179.44° వస్తుంది. దారాలు మారలేదు, మనం బాణం తిప్పామంతే. రేఖకి బాణం ఉండదు. అందుకే రేఖల మధ్య కోణం అడిగితే |a·b| తీసుకోవాలి, అప్పుడు మళ్లీ 0.56° వస్తుంది.