బాణం దిగితే ఎరుపెందుకు?

పచ్చళ్లను ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న వ్యాపారం ఒకటుందనుకుందాం. జూన్‌లో 1,200 పార్శిళ్లు పంపితే 72 తిరిగొచ్చాయి, అంటే 6 శాతం. జూలైలో మూతలకు రెండో సీలు వేయడం మొదలుపెట్టారు. నూనె కారడం తగ్గింది. 1,500 పార్శిళ్లలో 60 మాత్రమే తిరిగొచ్చాయి, అంటే 4 శాతం. యజమానురాలు కంప్యూటర్ తెరిస్తే ‘రిటర్నులు 4%’ అన్న అంకె కింద ఎర్రటి బాణం నేల చూపులు చూస్తోంది. ఏదో కొంప మునిగిందనుకుని ఆమె ప్యాకింగ్ కుర్రాడిని పిలిచింది.

ఆమె చూసినదాన్ని కేపీఐ కార్డు అంటారు. వ్యాపారానికి కీలకమైన ఒక్క అంకెను పెద్దగా చూపి, కిందటి నెలతోనో వారంతోనో పోల్చి, పక్కన బాణం గుర్తు పెట్టే చిన్న పెట్టె అది. లెక్క సులువే. ఈ నెల అంకెలోంచి కిందటి నెల అంకె తీసేసి, వచ్చినదాన్ని కిందటి నెల అంకెతో భాగించాలి. 6 నుంచి 4కు వస్తే 33.3 శాతం తగ్గుదల. అదే మార్పును ‘2 శాతం పాయింట్లు తగ్గింది’ అనీ చెప్పవచ్చు. రెండూ నిజమే కానీ, చూసేవాళ్లకు 33 చాలా పెద్దదిగా, 2 చిన్నదిగా అనిపిస్తాయి. అందుకే ఏ లెక్క వాడారో, ఏ నెలతో పోల్చారో కార్డు మీదే రాయాలి.

ఇక రంగు సంగతి. కార్డు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అంకె ఎటు కదిలిందన్నది బాణం చెబుతుంది. ఆ కదలిక మనకు మంచిదా చెడ్డదా అన్నది రంగు చెబుతుంది. అమ్మకాల విషయంలో ఈ రెండూ కలిసే నడుస్తాయి. పెరిగితే పైబాణం ఆకుపచ్చ, తగ్గితే కిందిబాణం ఎరుపు. చాలా కార్డులు మామూలుగా ఈ పద్ధతిలోనే తయారవుతాయి. రిటర్నులు, ఫిర్యాదులు, డెలివరీకి పట్టే రోజులు లాంటివి తగ్గితేనే లాభం. అక్కడ కిందిబాణానికి ఆకుపచ్చ, పైబాణానికి ఎరుపు వేయాలి. ప్రకటనల ఖర్చు లాంటిది పెరిగినా తగ్గినా మంచో చెడో వెంటనే చెప్పలేం. దానికి బూడిద రంగే న్యాయం.

దిద్దుబాటులోనూ ఒక తిరకాసుంది. ఎక్సెల్‌లో బాణాల ఐకాన్లు పెట్టి, రంగులు మార్చడానికి `Reverse Icon Order` నొక్కుతారు. అది రంగులొక్కటే మార్చదు, ఐకాన్లనే తారుమారు చేస్తుంది. తగ్గిన రిటర్నుల పక్కన ఆకుపచ్చ పైబాణం వచ్చి కూర్చుంటుంది. రంగు సరిపోయింది, బాణం అబద్ధమాడింది. ఆ మార్పు గడికి ఐకాన్లు మానేసి ఈ నంబర్ ఫార్మాట్ ఇస్తే చిక్కు తీరుతుంది:

```
[Red]▲ 0.0%;[Color10]▼ 0.0%;0.0%
```

మొదటి భాగం పెరుగుదలకు, రెండోది తగ్గుదలకు, మూడోది మార్పు లేనప్పుడు. అమ్మకాల గడికైతే రెండు రంగుల పేర్లనూ అటూ ఇటూ మార్చితే చాలు. పవర్ బీఐ వాడేవాళ్లకు కేపీఐ విజువల్‌లో `Low is good` అన్న ఎంపికే ఉంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించనివాళ్లు మగవాళ్లలో తక్కువేం కాదు కాబట్టి, రంగుతో పాటు ‘తగ్గింది, మంచిది’ అన్న చిన్న మాట చేర్చడం మేలు.

ఇప్పుడు మన కార్డు మీద ఆకుపచ్చ కిందిబాణం ఉంది. దాన్ని పూర్తిగా నమ్మవచ్చా? ఆగస్టు 1న చూస్తే నమ్మకూడదు. జూలై ఆఖరి వారంలో పంపిన పార్శిళ్లలో కొన్ని ఇంకా దారిలోనే ఉంటాయి. తిరిగొచ్చేవి రావడానికి మరికొన్ని రోజులు పడుతుంది. పంపినవన్నీ లెక్కలోకి వచ్చేశాయి, తిరిగొచ్చేవి మాత్రం పూర్తిగా రాలేదు. ఆగస్టు 12కల్లా జూలై రిటర్నులు 78 అయ్యాయనుకుందాం. అప్పుడది 5.2 శాతం. 33.3 అన్న తగ్గుదల 13.3 దగ్గర ఆగిపోతుంది.

అమ్మకాల లెక్క సగంలో ఉంటే కార్డు ఎర్రబడుతుంది, ఎవరో ఒకరు కంగారుపడి ఆరా తీస్తారు. తగ్గితే మంచిదనుకునే అంకె లెక్క సగంలో ఉంటే కార్డు పచ్చగా మెరుస్తుంది, ఎవరూ అడగరు. అందుకే ఇలాంటి కార్డులో నెల ముగిసిన పది పన్నెండు రోజుల దాకా రంగు వేయకుండా, ‘లెక్క ఇంకా తేలలేదు’ అని రాసి బూడిద రంగులో ఉంచాలి. కుర్రాడికి మెచ్చుకోలు అప్పుడిచ్చినా ఆలస్యమేం కాదు. 5.2 శాతమైనా ఆ రెండో సీలు పనిచేసినట్టే ఉంది.