రౌటర్ ఎక్కడ పెట్టాలి? కొనేముందు కొలిచి చూద్దాం

కొత్త క్వార్టర్‌లోకి సామాను దిగిన రెండో రోజో మూడో రోజో నెట్ కనెక్షన్ ఇచ్చే అతను వస్తాడు. వైరు ఏ కిటికీలోంచి లోపలికి వస్తే ఆ కిటికీ కిందే రౌటర్ పెట్టి, లైట్లు వెలిగాయని చూపించి వెళ్ళిపోతాడు. అతని తొందర అతనిది. పెట్టెలు విప్పుకునే హడావిడిలో మనమూ పట్టించుకోం. నెల తిరిగాక చదువుకునే గదిలో నెట్ రావడం లేదని గోల మొదలవుతుంది. దుకాణానికి వెళ్తే అతను రిపీటర్ అనో, ఎక్స్‌టెండర్ అనో ఒక డబ్బా తీసి చూపిస్తాడు. ఆ డబ్బా కొనేముందు ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగితే చాలాసార్లు కొనే పనే ఉండదు. మాకు ఈ సంగతి నాలుగో బదిలీలో గానీ తెలిసిరాలేదు. అంతకు ముందు కొన్న రిపీటర్ ఒకటి ఇప్పటికీ మా అట్టపెట్టెలో మాతోపాటు ఊళ్ళు తిరుగుతోంది.

పోయిన చలికాలంలో మా పక్క బ్లాకులో ఉండే తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చి అడిగింది. వాళ్ళ నాన్నగారికి వేరేచోట పోస్టింగ్. ఆయనకు రాత్రి ఎనిమిదింటికి ఒక్క పావుగంట వీలు దొరుకుతుంది, అప్పుడు వీడియో కాల్ చేస్తారు. ఆ పావుగంటలో సగం "నాన్నా, వినిపిస్తోందా?" అనడానికే సరిపోతోంది. "మేడమ్, అమ్మ ఆదివారం రిపీటర్ కొంటానంటోంది. కొంటే బాగవుతుందా?" అంది. ముందు కొలిచి చూద్దామన్నాం.

కొలవడం అంటే ఏమిటో చూద్దాం. ఫోన్ మీద కనిపించే వైఫై గీతలు ఎందుకూ పనికిరావు. నాలుగు గీతలే కదా, మంచికీ చెడుకీ మధ్య తేడా అందులో సరిగ్గా తెలియదు. సిగ్నల్ మీటర్ యాప్ అయితే అంకె చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ పేరుతో ఉచితంగా చాలా దొరుకుతాయి. ఐఫోన్ ఉన్నవాళ్ళు ఆపిల్ వారి AirPort Utility వేసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద ఉన్న Wi-Fi Scanner ఆన్ చేసుకోవాలి. ఆండ్రాయిడ్ యాప్ లొకేషన్ అనుమతి అడుగుతుంది. అది ఇవ్వకపోతే, లొకేషన్ ఆన్‌లో లేకపోతే, జాబితా ఖాళీగా ఉంటుంది.

యాప్‌లో మన వైఫై పేరు పక్కన -58 dBm లాంటి అంకె ఉంటుంది. కొన్నిచోట్ల దాన్నే RSSI అంటారు. ముందు మైనస్ ఉంది కాబట్టి అంకె చిన్నదయితే సిగ్నల్ ఎక్కువ. -50 అంటే బ్రహ్మాండం. -65 దగ్గర వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. -70 దాటితే తడబాటు మొదలవుతుంది, -80 దాటితే ఉన్నా లేనట్టే. ఇంకో సంగతి: పది అంకెలు తగ్గాయంటే సిగ్నల్ పది శాతం తగ్గినట్టు కాదు, పదో వంతుకు పడిపోయినట్టు. మూడు తగ్గితే సగమైనట్టు. అందుకే మూడు, నాలుగు అంకెల మెరుగును కూడా చిన్నచూపు చూడకూడదు.

ఆ అమ్మాయి నోటుపుస్తకంలో ఇంటి పటం గీసింది. ముందు హాలు, హాలు వెనక నడవ, నడవకు ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క చదువుకునే గది, చివర వెనక వరండా. అవి పాతకాలపు క్వార్టర్లు, లోపలి గోడలు కూడా ఒకటిన్నర ఇటుక మందం. రౌటర్ హాల్లో వీధివైపు మూలన నేలమీద ఉంది, దాని ముందు అద్దం బీరువా. ఇనుప బీరువా సిగ్నల్‌కి అడ్డుగోడ. అద్దం వెనక వెండిపూత ఉంటుంది కాబట్టి అదీ తక్కువేం తినలేదు.

తిరిగేటప్పుడు మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఫోన్ వాడాలి, ఎందుకంటే ఒకేచోట రెండు ఫోన్లు రెండు అంకెలు చూపిస్తాయి. ఫోన్‌ని ఛాతీ ఎత్తున పట్టుకుని, మొహం రౌటర్ వైపే ఉంచాలి. వెనక్కి తిరిగితే మన ఒళ్ళే అడ్డం. మనిషి ఒంట్లో నీళ్ళెక్కువ, వైఫై తరంగాల్ని నీరు మింగేస్తుంది. తలుపులు రాత్రిపూట ఎలా ఉంటాయో అలాగే ఉంచాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి చోటా అర నిమిషం ఆగాలి. ఆండ్రాయిడ్ 9 వచ్చినప్పటి నుంచి ఒక యాప్ రెండు నిమిషాల్లో నాలుగుసార్లే చుట్టూ వెతకగలదు. గబగబా నడిస్తే పక్కగది అంకెనే ఈ గదిలో చూసి మోసపోతాం. అర నిమిషంలో అంకె మూడు నాలుగు అటూ ఇటూ ఊగుతుంది, ఎక్కువసేపు నిలిచినదాన్ని రాసుకోవాలి.

మరొకటి కూడా చూడాలి. ఇప్పటి రౌటర్లు ఒకే పేరుతో రెండు రకాల సిగ్నల్ పంపుతాయి. యాప్‌లో 2437 MHz లాగా 2తో మొదలయ్యే అంకె ఉంటే అది గోడల్ని కాస్త బాగా దాటేది. 5180 లాగా 5తో మొదలైతే వేగం ఎక్కువే గానీ, గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. ఒక గదిలో ఒకటి, ఇంకో గదిలో ఇంకొకటి రాసుకుంటే ఆ పోలికకు అర్థం లేదు. చదువుకునే గదికి మందపాటి గోడ ఉంది కాబట్టి మేము 2తో మొదలయ్యేదాన్నే రాసుకున్నాం.

పటం మీద పడిన అంకెలివి: హాలు మధ్య -47, నడవ -60, వంటిల్లు -69, చదువుకునే బల్ల -78, వెనక వరండా -84. నాన్నగారి కాల్ వచ్చేది బల్ల దగ్గరే. ఎందుకు తెగుతోందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

మొదట చేసింది చాలా చిన్న పని. రౌటర్‌ని నేలమీంచి తీసి, బీరువా చాటునుంచి తప్పించి, అదే కిటికీ అరుగుమీద పెట్టాం. బల్ల దగ్గర -72 వచ్చింది. ఖర్చు లేకుండా ఆరు అంకెలు, అంటే సిగ్నల్ నాలుగింతలు. అయినా -72 సరిపోదు.

రౌటర్‌ని ఇంకెక్కడికి జరపాలి? జరిపి చూద్దామంటే దాని వెనక ఫైబర్ తీగ ఉంది, ఊరికే అటూ ఇటూ లాగే వస్తువు కాదు. ఇక్కడ మాకు ఎప్పుడూ పనికొచ్చే చిట్కా ఒకటుంది. రెండో ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, దాన్నే ఉత్తుత్తి రౌటర్ అనుకోవడం. బ్యాండ్ 2.4 GHz అని పెట్టి, మొబైల్ డేటా ఆపేసి, కొలిచే ఫోన్‌ని దానికి కలపాలి. ఏ ఫోనూ కలవకపోతే కొన్ని హాట్‌స్పాట్లు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. ఫోన్ హాట్‌స్పాట్‌కి రౌటర్ అంత బలం ఉండకపోవచ్చు, కాబట్టి దాని అంకెను నమ్మకూడదు. రెండు చోట్ల మధ్య తేడాను మాత్రం నమ్మవచ్చు, గోడలు అవే కదా.

హాట్‌స్పాట్ ఫోన్ కిటికీ అరుగుమీద ఉన్నప్పుడు బల్ల దగ్గర -77. దాన్ని తీసుకెళ్ళి హాల్లో నడవ గుమ్మానికి ఎదురుగా ఉన్న చెక్క అల్మారా పై అరలో పెడితే -66. నడవలో ఉన్న గోడ గూట్లో పెడితే -62. గూడే గెలిచింది, కానీ అక్కడ ప్లగ్ పాయింటు లేదు, వైరూ అందదు. నాలుగు అంకెల కోసం గోడ తవ్వడానికి అది సర్కారు క్వార్టరు. అల్మారా చాలనుకున్నాం. కిటికీ కంటే పదకొండు మెరుగు కాబట్టి, అసలు రౌటర్ అక్కడికి వస్తే -72 కాస్తా -61 దగ్గరికి రావాలి.

కనెక్షన్ ఇచ్చినతను కిటికీ దగ్గర మిగులు తీగను చుట్టగా వదిలి వెళ్ళాడు, అది మా అదృష్టం. చుట్ట విప్పితే అల్మారా దాకా అందింది. ఈ పని పెద్దవాళ్ళ చేత చేయించండి. ఆ తీగ లోపల ఉండేది గాజు పోగు. చేతి గాజు కంటే ఇరుకైన చుట్ట చుట్టకూడదు, మడత పెట్టకూడదు, తలుపు సందులో నలగనివ్వకూడదు. రౌటర్‌లోంచి తీగ ఊడదీయకుండా, రెండూ కలిపే జరపాలి. ఊడినా దాని కొనలోకి కన్నుపెట్టి చూడకూడదు, అందులో వచ్చే లేజర్ వెలుగు కంటికి కనబడదు. జరిపాక LOS అని రాసి ఉన్న చోట ఎర్రలైటు వెలిగిందంటే తీగ ఎక్కడో నలిగిందని గుర్తు. తీగ అందకపోతే కనెక్షన్ వాళ్ళనే పిలిపించాలి.

రౌటర్ అల్మారా ఎక్కింది. రెండు ఏంటెన్నాలూ నిటారుగా నిలబెట్టాం, ఎందుకంటే నిలువు ఏంటెన్నా పక్కలకు బాగా పంపుతుంది, పైకీ కిందికీ తక్కువ. కొలిస్తే బల్ల దగ్గర -63. వంటిల్లు -60. మొదటి -78తో పోలిస్తే పదిహేను అంకెలు, అంటే ముప్పై రెట్లు ఎక్కువ సిగ్నల్. వీధి మెట్ల మీద మాత్రం కాస్త పడిపోయింది. సాయంత్రాలు అక్కడ కూర్చుని పాటలు వినే వాళ్ళ అన్నయ్యకు అది నచ్చలేదు, అది వేరే సంగతి.

కొలిచినంత మాత్రాన ప్రతి ఇంట్లోనూ ఇలాగే జరుగుతుందని చెప్పలేం. ఒక్కోసారి అంకె -50 ఉంటుంది, అయినా నెట్ నత్తనడకే. అప్పుడు రౌటర్ పక్కనే నిలబడి వేగం చూడాలి. అక్కడా నెమ్మదిగా ఉంటే లోపం లైనుది. అప్పుడు రౌటర్‌ని ఇల్లంతా తిప్పినా, రిపీటర్ కొన్నా ఫలితం ఉండదు, ఫిర్యాదు రాయించాలి. రౌటర్ పక్కన పగలంతా బాగుండి, రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య గదిలో మాత్రమే మొరాయిస్తే, పక్క క్వార్టర్ల వైఫైలన్నీ ఒకే ఛానల్ మీద పడుతున్నాయేమో యాప్‌లోని ఛానల్ బొమ్మలో కనబడుతుంది. 2.4లో 1, 6, 11 ఛానళ్ళు ఒకదానిమీద ఒకటి పడవు. వాటిలో రద్దీ తక్కువున్న దానికి మారాలి.

ఎంత జరిపినా కావలసిన గదిలో -75 దాటి రాకపోతే అప్పుడు కొనడం న్యాయమే. అప్పుడు కూడా పటం పారేయకండి. రిపీటర్‌ని సిగ్నల్ లేని గదిలో పెట్టడం అందరూ చేసే తప్పు. తనకే అందనిదాన్ని అది ఇంకొకరికి ఏం పంచుతుంది? దాన్ని -60, -65 మధ్య అంకె వచ్చే చోట, దారి మధ్యలో పెట్టాలి. మా అట్టపెట్టెలోని రిపీటర్ చేసిన పాపం ఏమీ లేదు, మేమే దాన్ని చివరి గదిలో పెట్టి తిట్టుకున్నాం.

ఆదివారం వాళ్ళమ్మగారు దుకాణానికి వెళ్ళలేదు. ఏప్రిల్ వచ్చేసరికి నడవ కిటికీకి కూలర్ బిగించారు. ఇనుప డబ్బా, దాని నిండా నీళ్ళు! ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని మళ్ళీ కొలిచి, బల్ల దగ్గర -67 అని పటంలో వేరే రంగుతో రాసుకుంది. ఎనిమిదింటి కాల్ మాత్రం తెగలేదట.