పేజీ మీద గోదావరి: అడుగుకి ఆరు మిల్లీమీటర్లు

భద్రాచలంలో జూలై, ఆగస్టు నెలల్లో ఎవరింటికి వెళ్లినా ముందు వినపడేది ఒక అంకె. "ఎంతుంది?" అని అడుగుతారు. "నలభై ఆరు దాటింది" అంటారు. దేని గురించో ఎవరూ చెప్పక్కర్లేదు. గోదావరి 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టు 16న నది 75.6 అడుగులు చేరింది, ఇక్కడ ఇప్పటికీ అదే రికార్డు. ఆ తర్వాత అంత దగ్గరికి వచ్చింది 2022 జూలై 16న, 71.3 అడుగులు. 2016 దాకా ఖమ్మం జిల్లాలో, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న ఈ అడవి అంచున అక్షరం రాని ముసలమ్మ కూడా ఈ అంకెలు చెప్పగలదు.

2022 వరద మీద పదహారు పేజీల బొమ్మల కథ చేయాలని కూర్చున్నప్పుడు నాకు దారి చూపినవి ఈ అంకెలే. మొదటి ప్రయత్నం మాత్రం చెడిపోయింది. అమెరికన్ కామిక్ కొలత 168×260 మిల్లీమీటర్లు తీసుకుని, ఆ పుస్తకాల్లో లాగే చిన్న అక్షరాలతో మాటలు పేర్చాను. అచ్చయి వచ్చిన పేజీలో ఒక వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చున్నాయి. మా అమ్మ పుస్తకం కళ్లకి దగ్గరగా పెట్టుకుని, కాసేపు చూసి, బొమ్మలు మాత్రం తిప్పి పక్కన పెట్టేసింది. రెండోసారి పని తిరగేశాను. ముందు అక్షరం కొలిచాను, తర్వాత బెలూను, తర్వాత గడి, చివరికి పేజీ.

తెలుగు అక్షరం పక్కకే కాదు, పైకీ కిందికీ పెరుగుతుంది. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికి పైన గుడి ఉంది, కింద రెండు ఒత్తులున్నాయి. ఇంగ్లిష్ కామిక్‌లో సరిపోయే 7, 8 పాయింట్ల సైజులో ఆ ఒత్తులు సిరా చుక్కల్లా కలిసిపోతాయి. మ్యాప్‌లిథో లాంటి కాగితం సిరాని కొంచెం పీలుస్తుంది కాబట్టి ఇంకా ముద్దగా వస్తాయి. నాలుగైదు సైజులు అచ్చు తీసి, కళ్లజోడు తీసేసిన మా అమ్మకి చూపించాను. చివరికి 11 పాయింట్ల అక్షరం, వరుసకీ వరుసకీ మధ్య 16 పాయింట్ల దూరం దగ్గర ఆగాను. అంటే ఒక వరుసకి దాదాపు 5.6 మిల్లీమీటర్ల ఎత్తు. బెలూనులో అక్షరాల చుట్టూ 3 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. అడుగున ఇంకో మిల్లీమీటరు ఎక్కువైతే మంచిది, లేకపోతే చివరి వరుస ఒత్తులు బెలూను గీతకి తగులుతాయి.

పేజీ కొలత ప్రెస్సు వాళ్ల కాగితాన్ని బట్టి తేల్చాను. 20×30 అంగుళాల షీటు నుంచి 7.5×10 అంగుళాల ఆకులు ఎనిమిది వస్తాయి. రెండు వైపులా కలిపితే 16 పేజీలు, అదే ఒక ఫారం. అంచులు కోశాక మిగిలేది 7.25×9.5 అంగుళాలు, మిల్లీమీటర్లలో 184×241. ప్రెస్సుల్లో దీన్ని క్రౌన్ వన్ బై ఫోర్ అంటారు. అట్ట కాకుండా లోపలి పేజీలకి కాపీకి ఒక్క షీటు చాలు. తరుగు పక్కన పెడితే, 500 కాపీలకి 500 షీట్లు, సరిగ్గా ఒక రీము. కథ పదిహేడో పేజీకి పోయిందా, పిన్ను కొట్టే పుస్తకంలో కనీసం మరో నాలుగు పేజీలు పెరుగుతాయి. అందుకే స్క్రిప్టు మొదలెట్టకముందే పేజీలు లెక్క కట్టాలి.

184×241లో అంచులు వదిలాక బొమ్మలకి 160×214 మిల్లీమీటర్ల చోటు మిగిలింది. మూడు వరుసలు, వరుసకి రెండు గడులు, మధ్యలో నాలుగైదు మిల్లీమీటర్ల సందు పెడితే ఒక్కో గడి 78×68 వస్తుంది. అందులో మనుషుల మొహాలకి చోటు ఉండాలంటే అక్షరాల వెడల్పు 45 మిల్లీమీటర్లు దాటకూడదు. 11 పాయింట్లలో ఆ వెడల్పుకి సుమారు పన్నెండు అక్షరాలు పడతాయి. మూడు వరుసలు పెడితే 36 అక్షరాలు, గడి ఎత్తులో మూడో వంతు పోతుంది. అంతకంటే ఎక్కువైతే బొమ్మ ఊపిరి తీసుకోలేదు.

ఇంగ్లిష్ కామిక్స్ రాసేవాళ్లలో ఒక పాత లెక్క ఉంది: గడికి 35 మాటలు, ఆరు గడుల పేజీకి 210. ఆ లెక్క మనకి పనికిరాదు. తెలుగులో ఒక్క "వెళ్లిపొమ్మంటున్నారు" ఇంగ్లిష్‌లో నాలుగైదు మాటల పని చేస్తుంది, అన్ని మాటల చోటూ ఆక్రమిస్తుంది, పైగా మధ్యలో విరగదు. అందుకని మాటలు కాకుండా అక్షరాలు లెక్క పెట్టాలి.

నా స్క్రిప్టులో ఒక గడికి మొదట రాసిన డైలాగు ఇది: "అత్తా, వరద నీళ్లు మన వీధిలోకి వచ్చేస్తున్నాయంట, అధికారులు అందరినీ పునరావాస కేంద్రానికి వెళ్లిపొమ్మంటున్నారు." లెక్కపెడితే 44 అక్షరాలు. పెద్ద మాటలు విరగవు కాబట్టి నాలుగు వరుసల్లో సర్దుకోక ఐదు వరుసలైంది. వరుసలకి 28 మిల్లీమీటర్లు, చుట్టూ ఖాళీకి ఇంకో ఆరు. గడిలో సగం ఎత్తు పోయింది. అంతకంటే బాధ ఏమిటంటే, అర్ధరాత్రి నీళ్లొస్తుంటే ఏ మేనల్లుడూ అలా మాట్లాడడు. తిరగరాస్తే "అత్తా, లే! నీళ్లు వీధిలోకొచ్చినయ్!" మిగిలింది. పన్నెండు అక్షరాలు. పునరావాస కేంద్రం సంగతి కిటికీలోంచి కనపడే మైకు ఆటో చూసుకుంటుంది. అత్త ఏం చేస్తుందన్నది మాటల్లేని పక్క గడి: వేసవిలో ఏరి ఎండబెట్టిన ఇప్పపువ్వు బుట్టని అటక మీదికి ఎత్తుతుంటుంది. ఆ బుట్ట ఎంత బరువో ఆవిడ భుజం వంపులో కనపడాలి. ఆ భుజం ఒక్కటే తొమ్మిదిసార్లు గీశాను.

ఇక గోదావరిని పేజీలోకి ఎలా తేవాలి? ప్రతి పేజీలో బొమ్మల చోటు అడుగు అంచుని 43 అడుగులు అనుకున్నాను. నది ఒక అడుగు పెరిగితే పేజీ మీద నీలం 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 48 దగ్గర నీలం 30 మిల్లీమీటర్లు. 53 దగ్గర 60, అంటే 68 మిల్లీమీటర్ల కింది వరుస గడులు దాదాపు మునిగాయి. మునిగిన గడిలో బొమ్మ లేతగా కనపడుతుంది గానీ మాట ఉండదు. అప్పుడు పేజీకి ఆరు గడుల బదులు నాలుగు గడుల మాటలే మిగిలాయి, 216 అక్షరాల నుంచి 144కి దిగాం. నీళ్లు పెరిగేకొద్దీ మనుషుల మాటలు తగ్గాయి. వరదలో ఉన్నవాళ్లు చెప్పేది కూడా అదే, రెండో రోజుకి ఎవరూ మాట్లాడుకోలేదు అని.

71.3 దగ్గర లెక్క వేస్తే 28.3 అడుగులు, 170 మిల్లీమీటర్లు. కింది రెండు వరుసలు పూర్తిగా పోయి, పై వరుసలో 44 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఆ పైన, అడుగు నుంచి 196 మిల్లీమీటర్ల ఎత్తున, 1986 నాటి 75.6కి ఒక చుక్కల గీత పెట్టాను. రెండింటి మధ్య తేడా 26 మిల్లీమీటర్లు. పాత వరద చూసిన ముసలివాళ్లు 2022లో ఆ తేడానే తలుచుకుంటూ కూర్చున్నారు.

ఆ బొమ్మని రెండు పేజీల మీద పరవాలంటే 8, 9 పేజీల్లోనే పరవాలి. పిన్ను కొట్టే 16 పేజీల పుస్తకంలో ఎదురెదురు పేజీలు ఒకే కాగితం మీద, విరక్కుండా వచ్చేది నడిమధ్యలో మాత్రమే. వేరేచోట ఎడమ సగం ఒక ఆకు మీద, కుడి సగం ఇంకో ఆకు మీద ఉంటాయి. మడతలో మిల్లీమీటరు జరిగినా నీటి గీత విరిగి మెట్టులా కనపడుతుంది. పైగా 8 ఎడమ పేజీ. పాఠకుడు ఏడో పేజీ తిప్పేదాకా దాన్ని చూడలేడు. అక్కడ గడుల గీతలే తీసేశాను. గడి లేకుండా కథ నడవదన్న భయం నాకు 'భీమాయన' చూశాక పోయింది. 2011లో వచ్చిన ఆ పుస్తకంలో పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అంబేద్కర్ జీవితాన్ని పెట్టెల్లో బిగించకుండా గీశారు. మంచి మాటలకి పక్షి ఆకారపు బెలూను, కులం విషం కక్కే మాటలకి తేలు కొండి ఉన్న బెలూను పెట్టారు. మన చేర్యాల నకాషీ పటాల్లో కూడా పొడవాటి గుడ్డ మీద కథ గడి తర్వాత గడిగా దిగుతుంది, ఆ సందులు పూల అంచులతో నిండుతాయి. గడి సందు ఖాళీగానే ఉండాలని ఎవరూ శాసించలేదు. నా పుస్తకంలో ఆ సందుల్లోంచే నీళ్లు ఎక్కుతాయి.

గీయడం ఒకటిన్నర రెట్ల సైజులో. కోతకి అన్ని వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా కలిపితే పేజీ 190×247. దాని ఒకటిన్నర రెట్లు 285×371, ఏ త్రీ కాగితంలో సరిపోతుంది. 400 డీపీఐలో స్కాన్ చేస్తే, అచ్చు సైజుకి తగ్గించేసరికి 600 అవుతుంది. నల్ల గీతలకి అది చాలు. బెలూన్లు మాత్రం పెన్సిల్ దశలోనే చోటు పట్టాలి. బొమ్మంతా అయ్యాక బెలూను పెట్టబోతే ఎవరో ఒకరి తల పోతుంది.

అక్షరాలని బొమ్మలో కలిపేయకూడదు, విడి పొరగా ఉంచాలి. మామూలు సెట్టింగులో కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒత్తుని విడదీసి, పొల్లు పెట్టి చూపిస్తాయి. పాత ఫొటోషాప్‌లో అయితే World-Ready Layout ఎంచుకోవాలి. పాత అను ఫాంట్లలో టైపు చేసింది యూనికోడ్‌కి మార్చినప్పుడు కూడా ఒత్తులు తప్పిపోతుంటాయి. పట్టుకోవడానికి నేను ప్రతి ఫైలులో ఒకే వరుస టైపు చేసి చూస్తాను: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, కృష్ణ, జ్యోత్స్న. ఇవి ఐదూ సరిగ్గా వస్తే మిగతావీ వస్తాయి. ప్రెస్సుకి పంపే ముందు అక్షరాలని గీతలుగా మార్చాలి, వాళ్ల కంప్యూటర్లో మన ఫాంటు లేకపోయినా చెడదు. అక్షరం నలుపు ఒక్క నల్ల సిరాలోనే ఉండాలి. నాలుగు రంగులూ కలిపి నలుపు చేస్తే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా ఒత్తుల చుట్టూ ఎర్రగానో నీలంగానో నీడ పడుతుంది.

పదో పేజీ నుంచి నది దిగుతుంది. 60 అడుగులకి 102 మిల్లీమీటర్లు, 48కి 30. నీలం తగ్గినా 170 దగ్గర ఒక గోధుమరంగు చార అలాగే ఉంచాను, గోడల మీద మిగిలే బురద గీత అది. గడులు ఆరుకి ఆరూ తిరిగొచ్చాయి. పదిహేనో పేజీ చివరి గడిలో అత్త అటక మీది నుంచి బుట్ట దించి, చేయి లోపల పెట్టి చూస్తుంది. ఆ గడికి 36 అక్షరాల చోటుంది. రెండే వాడాను: "తడవలే."

రెండు కాదు, నాలుగు. ప్రూఫు చూస్తూ మళ్లీ లెక్కపెట్టాను.